గెయిన్ −1 ఉన్న ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ బ్యాండ్‌విడ్త్ ఎంత?

తరంగం: నా ఆప్-ఆంప్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ లబ్ధం 1 మెగాహెర్ట్జ్. ఇన్‌పుట్ రెసిస్టర్ R1, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ R2 రెండూ 10 కిలోఓమ్‌లే కాబట్టి గెయిన్ −1. బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్ అని కొందరు, 500 కిలోహెర్ట్జ్ అని కొందరు అంటున్నారు. ఓపెన్-లూప్ గెయిన్ పరిమితమే అనుకుని ఎవరైనా సాధించి చూపగలరా?

వాహిని: 1 మెగాహెర్ట్జే రావాలి. లబ్ధం స్థిరమైనప్పుడు దానిని గెయిన్‌తో భాగిస్తే సరిపోతుంది. గెయిన్ −10 అయితే 100 కిలోహెర్ట్జ్, −1 అయితే 1 మెగాహెర్ట్జ్.

నిశ్చల: ఆ భాగహారం నాన్-ఇన్వర్టింగ్ అమరికకు సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. ఇన్వర్టింగ్ నోడ్‌ను సున్నా వోల్టుల వద్ద ఉందనుకునే అలవాటును కాసేపు పక్కన పెట్టి, దాని వోల్టేజీని నేరుగా రాసి చూడండి. ఆప్-ఆంప్ ఇన్‌పుట్‌లోకి కరెంటు పోదనుకుంటే, ఆ నోడ్ మీద Vin, Vo రెండింటి ప్రభావమూ ఉంటుంది. ఓపెన్-లూప్ గెయిన్‌ను A అందాం.

```
V− = (Vin·R2 + Vo·R1) / (R1 + R2)
Vo = −A·V−
Vo/Vin = −(R2/R1) / [1 + (1 + R2/R1)/A]
```

హారంలో Aతో భాగించవలసినది R2/R1 కాదు, 1 + R2/R1. కీలకమంతా ఆ ఒకటిలోనే ఉంది. గెయిన్-బ్యాండ్‌విడ్త్ లబ్ధాన్ని ft అంటే, మొదటి పోల్‌కు చాలా పైనున్న ఫ్రీక్వెన్సీల దగ్గర A విలువ దాదాపు ft/(jf) అవుతుంది కనుక, హారం 1 + jf(1 + R2/R1)/ft గా మారుతుంది. ఊహాభాగం 1కి సమానమైన చోట గెయిన్ 3 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే బ్యాండ్‌విడ్త్ ft/(1 + R2/R1). మీ రెసిస్టర్లకు అది 500 కిలోహెర్ట్జ్. గెయిన్ −10 అయితే 100 కాదు, సుమారు 91 కిలోహెర్ట్జ్.

వాహిని: హారం వరకు ఒప్పుకుంటాను. కానీ మీ సూత్రాన్నే గెయిన్ −10కి 10 కిలోహెర్ట్జ్ దగ్గర వాడితే A విలువ 100, దోషం 11/100, అంటే గెయిన్ దాదాపు 10 శాతం తగ్గాలి. సిమ్యులేషన్‌లో ఒక శాతం కూడా తగ్గడం లేదు. ఇదెలా పొసుగుతుంది?

నిశ్చల: అక్కడ A పరిమాణం 100 అన్నది నిజమే, కానీ దాని ఫేజ్ −90 డిగ్రీలు. కాబట్టి హారం 1.11 కాదు, 1 + j0.11, దాని పరిమాణం 1.006. గెయిన్ 0.6 శాతమే తగ్గుతుంది, కానీ ఫేజ్ 6.3 డిగ్రీలు వెనకబడుతుంది. అదే డీసీ దగ్గర A వాస్తవ సంఖ్య కనుక దోషం నేరుగా కలుస్తుంది. A0 1,00,000 అయితే అది 0.011 శాతం మాత్రమే, రెసిస్టర్ల టాలరెన్స్ ముందు లెక్కలోకి రాదు. పరిమిత గెయిన్ ప్రభావాన్ని పరిమాణంలోనే వెతికేవారు ఫేజ్‌లో జరిగే నష్టాన్ని గమనించరు.

దీపశిఖ: నా అనుభవం ఈ రెండు జవాబులకూ విరుద్ధంగా ఉంది. 741తో గెయిన్ −1 కట్టి 10 వోల్టుల పీక్ ఉన్న సైన్ ఇచ్చాను. 8 కిలోహెర్ట్జ్ దాటినప్పటి నుంచి అవుట్‌పుట్ చెడిపోతోంది. అయితే బ్యాండ్‌విడ్త్ 8 కిలోహెర్ట్జేనా?

నిశ్చల: కాదు, మీరు తాకినది స్లూ రేట్ హద్దు. 741కి అది సుమారు 0.5 వోల్టు/మైక్రోసెకను; 10 వోల్టుల పీక్‌కు 0.5×10⁶/(2π×10) లెక్కన దాదాపు 8 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఆసిలోస్కోప్‌లో తరంగం త్రికోణంలా కనబడితే, ఇన్‌పుట్‌ను తగ్గించగానే తిరిగి సైన్‌గా మారితే, అది స్లూ రేటే. బ్యాండ్‌విడ్త్ వల్ల తగ్గే సైన్ చిన్నదవుతుంది గాని ఆకారం మారదు. 500 కిలోహెర్ట్జ్ దగ్గర కొలవాలంటే పీక్ 0.16 వోల్టులకు బాగా దిగువన ఉండాలి.

సమాంతరం: ఒక మాట చేర్చాలి. ఒక్కో ఇన్‌పుట్‌కు గెయిన్ −1 ఉన్న మూడు ఇన్‌పుట్ల సమ్మింగ్ యాంప్లిఫయర్‌లో, ఆ నోడ్ నుంచి చూస్తే మూడు రెసిస్టర్లూ సమాంతరంగా ఉంటాయి; బ్యాండ్‌విడ్త్ ft/4కు దిగుతుంది, వాడని ఇన్‌పుట్లను గ్రౌండ్ చేసినా అంతే. అందుకే నా అభిప్రాయంలో, తక్కువ గెయిన్ కావలసిన చోట నాన్-ఇన్వర్టింగే మేలు.

నిశ్చల: మొదటి భాగం పూర్తిగా సరి, ముగింపుతో ఏకీభవించను. నాన్-ఇన్వర్టింగ్‌లో రెండు ఇన్‌పుట్లూ సిగ్నల్‌తో పాటే కదులుతాయి. ఆ కామన్-మోడ్ కదలిక తెచ్చే వక్రీకరణ ఇన్వర్టింగ్‌లో ఉండదు. దానికి బదులుగా సగం బ్యాండ్‌విడ్త్ ఇవ్వడం నాకు సమ్మతమే.

సమాంతరం: ఇన్‌పుట్ అర వోల్టు దాటని నా సర్క్యూట్లలో ఆ వక్రీకరణ కనబడలేదు, కోల్పోయిన బ్యాండ్‌విడ్త్ మాత్రం కనబడింది.

తరంగం: నా సిగ్నల్ జనరేటర్ లోపలి నిరోధం 600 ఓమ్‌లు. దాన్ని R1లో కలపాలా?

నిశ్చల: కలపాలి. R1 10.6 కిలోఓమ్‌లు అవుతుంది, గెయిన్ −0.943కి తగ్గుతుంది, బ్యాండ్‌విడ్త్ 515 కిలోహెర్ట్జ్‌కు పెరుగుతుంది.