ఫోటోలు చూసి హెయిర్ డ్రైయర్ అసలుదో డూప్లికేటో చెప్పొచ్చా?

లహరి: వాడిన డ్రైయర్ ఒకటి సగం ధరకి వస్తోంది. పేరున్న కంపెనీది, 1600 వాట్లు. అమ్మేవాళ్లు వెనకున్న స్టిక్కర్, వైరు, బాడీ ఫోటోలు పంపారు. వీటిని బట్టి డూప్లికేటో కాదో తేల్చగలమా?

వెంకట్: ప్లగ్ చూడండి చాలు. రెండే పిన్నులుంటే ఎర్త్ లేనట్టే, అంటే నకిలీ.

రమణ, రిపేరు షాపు: అలా అంటే అసలువి కూడా సగం నకిలీలే అవుతాయి వెంకట్ గారూ. స్టిక్కర్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న సామాను, దానికి ఎర్త్ పిన్ను అక్కర్లేదు. కాకపోతే ప్లగ్ చూడమన్న మాట సరైనదే. పిన్నులు లెక్కపెట్టడం కాదు, ప్లగ్ మీద పోసిన అక్షరాలు చదవాలి.

లహరి గారూ, 1600ని 230తో భాగిస్తే దాదాపు 7 ఆంప్స్. పల్చటి, సన్న పిన్నుల ప్లగ్ మీద 2.5A అని ఉంటుంది. అది సుమారు 575 వాట్ల వరకే. మీ ఫోటోలో ఆ ప్లగ్ కనిపిస్తే స్టిక్కరైనా అబద్ధం, ప్లగ్ అయినా ఎవరో మార్చింది. స్టిక్కర్‌ని ఎవరైనా అచ్చు గుద్దినట్టు కొట్టించగలరు. మిగతా భాగాలు దానికి సరిపోయేలా పెట్టాలంటే ఖర్చవుతుంది కదా, దొరికేది అక్కడే. వైరు మీద కూడా 2X0.75 లాంటి రాత వెతకండి. ఈ డ్రైయర్‌కి 0.5 అని ఉంటే చాలా సన్నం. ఫోటోలో లావు చూసి మోసపోవద్దు, పైన ప్లాస్టిక్ మందంగా ఉండి లోపల రాగి పలచగా ఉండొచ్చు.

సుజాత: అయ్యో, నా స్ట్రెయిట్‌నర్‌ ప్లగ్ మీద 2.5A అనే ఉందండీ! షోరూంలో కొన్నాను, బిల్లు కూడా ఉంది.

రమణ, రిపేరు షాపు: ఎన్ని వాట్లమ్మా?

సుజాత: 45.

రమణ, రిపేరు షాపు: అయితే పావు ఆంపు కూడా లాగదు. ఆ ప్లగ్ దానికి చాలా ఎక్కువే, నిశ్చింతగా వాడుకోండి.

పద్మ, బ్యూటీ పార్లర్: బాడీ అతుకు సంగతి ఎవరూ చెప్పలేదు. నేనైతే ముందు అదే చూస్తాను. రెండు ముక్కల మధ్య సందు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటే వద్దంటాను. అంచున ప్లాస్టిక్ పొరలా పొడుచుకొచ్చినా అంతే.

రమణ, రిపేరు షాపు: పొర పొడుచుకొస్తే అచ్చు నాసిరకమే, ఒప్పుకుంటాను. సందు మాత్రం నేను నమ్మను. జుట్టు ఇరుక్కుందని మా దగ్గరికొచ్చే డ్రైయర్లు విప్పి బిగించాక చాలావాటికి సందు వస్తుంది. స్క్రూ తల అరిగి ఉందా చూడండి, అరిగితే ఎవరో విప్పినట్టు.

పద్మ, బ్యూటీ పార్లర్: విప్పినదాన్ని మాత్రం ఎందుకు కొనాలి? తడి చేత్తో పట్టుకునే వస్తువు. నకిలీ అయినా కాకపోయినా నాకు ఒకటే.

లహరి: ఫోటోల్లో ప్లగ్ పిన్నులే కనిపిస్తున్నాయి, రాత లేదు. ఆ వైపు ఇంకో ఫోటో అడిగాను. చూశారు, జవాబివ్వలేదు.