‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ బదులు ఏం రాయాలి?

శ్రీలత: మాదాపూర్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీ సపోర్ట్‌లో పనిచేస్తాను. నిన్న సాయంత్రం మా యాప్‌లో బిల్లు కట్టినవాళ్లకు డబ్బు కట్ అయింది, బిల్లు మాత్రం బాకీగానే కనిపించింది. మావాళ్లు పంపిన మెసేజ్: “అనివార్య సాంకేతిక కారణాల వలన కొందరు వినియోగదారులకు చెల్లింపు సేవలలో అంతరాయం కలిగి ఉండవచ్చు. అసౌకర్యానికి చింతిస్తున్నాము.” అది వెళ్లాక కాల్స్ ఇంకా పెరిగాయి. దీన్ని తిరగరాయాలి.

మూర్తి: కర్మణి ప్రయోగంతోనే కంపెనీలు దాక్కుంటాయి. అది తీసేస్తే సరి.

సుబ్బారావు: దాక్కోవడం నిజమే మూర్తిగారూ, కానీ ఇందులో ‘చేయబడింది’లో లాంటి ‘బడు’ ఎక్కడుంది? అంతరాయం తనంతట తనే కలిగింది, అంతే. శ్రీలతా, అసలేం జరిగిందమ్మా?

శ్రీలత: 5:40కి మేమే అప్‌డేట్ పెట్టాం. సెట్టింగ్ తప్పు పడింది. డబ్బు మాకు చేరింది కానీ బిల్లులో ఎక్కలేదు. 7:50కి పాత వెర్షన్ వేశాం.

సుబ్బారావు: అయితే ‘అనివార్య’ అబద్ధం. ఆ రెండు గంటల్లో కట్టిన ప్రతివాళ్లకూ ఇబ్బంది వచ్చింది కాబట్టి ‘కొందరు’, ‘ఉండవచ్చు’ కూడా తీసేయాలి.

యాదగిరి: మా బోడుప్పల్‌లో కరెంటు పోతే ఈమాత్రం మెసేజ్ కూడా రాదు సార్.

పద్మ: ఫోన్ చేసేవాళ్లకు కారణంతో పనేముంది? మళ్లీ కట్టాలా, నెట్ కట్ చేస్తారా, అదే టెన్షన్. మా అత్తగారైతే రెండుసార్లు కట్టేసేవారు.

మూర్తి: 5 రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి వస్తుందని రాస్తే? 2019 రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లో ఉంది, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కూడా.

సుబ్బారావు: అది యూపీఐలో డబ్బు కట్ అయి, అమ్మినవాళ్లకు కన్ఫర్మేషన్ రానప్పుడు. ఇక్కడ డబ్బు చేరిపోయింది. వెనక్కి వస్తుందని రాస్తే జనం బ్యాంకు చుట్టూ తిరుగుతారు. ఇలా రాయండి:

“నిన్న సాయంత్రం 5:40 నుంచి 7:50 వరకు మా యాప్‌లో కట్టిన బిల్లులు మీ ఖాతాలో నమోదు కాలేదు. మేం చేసిన అప్‌డేట్‌లో పొరపాటు వల్ల ఇలా జరిగింది. క్షమించండి. మీ డబ్బు మాకు చేరింది, మళ్లీ కట్టకండి. ఈ రాత్రి 9లోపు బిల్లులో చూపిస్తాం. ఈ కారణంగా ఎవరి కనెక్షనూ ఆపం, ఆలస్య రుసుమూ వేయం. పొరపాటున రెండుసార్లు కట్టి ఉంటే రెండోది తిరిగి ఇస్తాం.”

పద్మ: ‘మళ్లీ కట్టకండి’ మొదటి వాక్యం కావాలి. నోటిఫికేషన్‌లో కనిపించేది ఒకటిన్నర లైనే.

శ్రీలత: పైకి తెచ్చాను అక్కా. రాత్రి 9కి అవుతుందని టెక్ టీమ్ కూడా ఒప్పుకుంది. లీగల్ వాళ్లే ‘పొరపాటు’ తీసేసి ‘సమస్య’ అని పెట్టమంటున్నారు.

మూర్తి: పెట్టేయండి, కారణం తేలాక చెప్పొచ్చు.

సుబ్బారావు: తేలకపోతే ‘ఇంకా తేలలేదు, ఫలానా గంటకు మళ్లీ చెబుతాం’ అనాలి. ఇక్కడ తేలింది కదండీ.

శ్రీలత: మా మేనేజర్ ఇంకా ఎటూ తేల్చలేదు. ‘మేం చేసిన అప్‌డేట్’ వరకైతే ఒప్పుకున్నారు.