భాషా చర్చ: మెనూలో వంటకం పేరు కింద రాసే వాక్యం ఎలా ఉండాలి, దేనితో ముగియాలి?

శ్రీలత:
రాజమహేంద్రవరంలో మా చిన్నాన్నగారి అబ్బాయి నడుపుతున్న హోటలుకు కొత్త మెనూ కార్డు అచ్చు వేయిస్తున్నారు. ఒక్కొక్క వంటకం పేరు కింద రెండు వరుసల వివరణ రాసే పని నాకు అప్పగించారు. పాత కార్డులోని మూడు వివరణలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను.

గుత్తి వంకాయ: నోరూరించే మసాలాలతో, అమ్మ చేతి వంటను గుర్తుకు తెచ్చే సాంప్రదాయ రుచి.
నేతి పెసరట్టు: ఘుమఘుమలాడే స్వచ్ఛమైన నేతితో కాల్చి ఇస్తాము. తప్పక రుచి చూడండి!
నాటుకోడి పులుసు: పల్లెటూరి రుచి, సంగటితో బాగుంటుంది.

ఒకటి నామవాచకంతో, ఒకటి ఆజ్ఞతో, ఒకటి అభిప్రాయంతో ముగిశాయి. ఏది చదివినా గిన్నెలో ఏముందో మాత్రం తెలియదు. చదివినవారికి తినాలనిపించాలి, రాసినదాంట్లో అబద్ధం ఉండకూడదు, కార్డు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరు కనిపించాలి. ఇందుకు ఎలాంటి వాక్యం తగినదో సభ్యులు చెప్పగలరు.

ప్రసాద్:
మెనూ అనే మాటకు బదులు ‘వంటకాల పట్టిక’ అని రాయించండి. ‘హోటలు’ను ‘భోజనశాల’ చేయండి. తెలుగుతనం అక్కడ మొదలైతే మిగిలినది దానంతట అదే వస్తుంది. అలాగే ‘సాంప్రదాయ’ అనేది తప్పు. ‘సంప్రదాయ’ అనాలి, లేదా ‘సాంప్రదాయిక’ అనాలి.

శ్రీలత:
ధన్యవాదాలు ప్రసాద్ గారూ. నా ప్రశ్న కార్డు పేరు గురించి కాదండీ, వంటకం కింద ఉండే వివరణ గురించి. ‘సాంప్రదాయ’ను సరిచేయడం కంటే తీసివేయడమే మేలని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ మాట దాదాపు ప్రతి వంటకం కిందా ఉంది.

విజయ్:
తెలుగు వాక్యం క్రియతో ముగియాలి. ‘కాల్చి ఇస్తాము’ అన్నదే మూడింటిలో సరైన వాక్యం. కాబట్టి అన్నింటినీ ‘వండుతాము’, ‘వడ్డిస్తాము’ అని ముగిస్తే ఏకరూపత వస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. 2020 నాటి ఆహార భద్రత లేబులింగు నిబంధనల ప్రకారం ఇప్పుడు ప్రతి హోటలూ వంటకానికి ఎన్ని కేలరీలో కార్డు మీద వేయాలి. రెండు వరుసలలో ఒకటి దానికే పోతుంది.

సత్యనారాయణమూర్తి:
విజయ్ గారు ఆ నిబంధన ఉందని చెప్పినంతవరకు నిజమే. అయితే కేలరీలు వేయాలన్న షరతు కేంద్ర లైసెన్సు ఉన్నవారికి, లేదా పది, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలు ఉన్నవారికి వర్తిస్తుంది. ఒకే ఊరిలో ఒకే హోటలు అయితే అది తప్పనిసరి కాదు. క్రియ విషయంలో నేను ఏకీభవించలేను. ‘ఇది మా ఇల్లు’ అన్న వాక్యంలో క్రియ లేదు, అయినా అది సంపూర్ణమైన తెలుగు వాక్యమే. వంటకం పేరు పైన ఉండగా, కింది వివరణ ‘ఇది ఇటువంటి కూర’ అని చెబుతోంది కనుక నామవాచకంతో ముగియడమే సహజం. యాభై వంటకాల కింద ‘వడ్డిస్తాము’ అని రాస్తే చదివేవారి దృష్టి వంటకం మీద నుంచి హోటలు మీదికి మళ్లుతుంది.

ఒక వారపత్రిక వంటల శీర్షికకు చాలాకాలం ప్రతులు దిద్దినవాడిగా నా అనుభవం ఇది. నోరు ఊరించేది ‘నోరూరించే’ అన్న మాట కాదు. ‘దోరగా వేయించిన’, ‘మగ్గించిన’, ‘దంచి వేసిన’, ‘తాలింపు పెట్టిన’ వంటి మాటలు. వాటిలో వాసన, చప్పుడు, సమయం ఉంటాయి. అవి జరిగిన పనిని చెబుతాయి కనుక నిజమో కాదో వంటగదిలోకి వెళ్లి చూసుకోవచ్చు. విశేషణం పెట్టాలనిపిస్తే, తిన్నవారు కాదనడానికి వీలున్న మాటను మాత్రమే పెట్టండి. ‘పుల్లని’ అని రాసి పులుపు లేకపోతే తిన్నవారు అడుగుతారు. ‘అద్భుతమైన’ అని రాస్తే అడగడానికి ఏమీ ఉండదు. గోంగూర మాంసం కింద ‘ఎర్ర గోంగూర’ అని రాయగలిగితే పులుపు ఎక్కువ అన్న సంగతి వేరే విశేషణం లేకుండానే తెలిసిపోతుంది, కానీ వంటగదికి ఏడాది పొడుగునా ఎర్ర గోంగూరే వస్తోందా అన్నది కనుక్కున్న తరువాతే రాయాలి.

అందుచేత శ్రీలత గారు రాయడానికి ముందు వంటగదిలో నిలబడి, ఒక్కొక్క వంటకానికి వంటవారు చేసే పనులను క్రియలుగా రాసుకోవాలి. వాటిలో రుచిని నిర్ణయించే రెండు మూడింటిని ఉంచి మిగిలినవి వదిలేయాలి. మూడు దాటితే వాక్యం ఊపిరి ఆడనివ్వదు.

శ్రీలత:
మూర్తి గారూ, మీరు చెప్పినట్టే ఈ రోజు ఉదయం వంటగదిలో నిలబడ్డాను. నేను ముందుగా రాసుకున్న వాక్యం ఇది: ‘వేరుశనగలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్దను లేత వంకాయల్లో కూరి, నూనెలో మగ్గించిన కూర.’ తీరా చూస్తే వంకాయల్లో ఎవరూ ఏమీ కూరడం లేదు. తొడిమతో సహా నాలుగు పక్షాలుగా చీల్చి, పొద్దున్నే నూనెలో వేయించి పక్కన పెడుతున్నారు. ఆర్డరు వచ్చినప్పుడు, ముందుగా సిద్ధం చేసిన పులుసులో వేసి ఉడికిస్తున్నారు. మధ్యాహ్నం రద్దీలో కూరడం సాధ్యం కాదని వంట పెద్ద చెప్పారు. పెసరట్టు సంగతి కూడా అంతే. పెనం మీద వేసేది నూనె, దించే ముందు చెంచాడు నెయ్యి రాస్తున్నారు.

విజయ్:
అలాగైతే అది గుత్తి వంకాయ కాదు, హైదరాబాదు బగారా బైంగన్‌కు దగ్గరగా ఉంది. పేరే మార్చాలి.

సత్యనారాయణమూర్తి:
పద్ధతి దానికి దగ్గరగా ఉందన్నది మంచి పరిశీలన. కానీ కాయను తొడిమ తీయకుండా, విడిపోకుండా చీల్చి వండడాన్ని జనం గుత్తి వంకాయ అనే పిలుస్తున్నారు, కూరినా కూరకపోయినా. పేరు ఉంచవచ్చు, వాక్యంలో ‘కూరి’ ఉండకూడదు. నేనైతే ఇలా రాస్తాను:

గుత్తి వంకాయ: తొడిమతో చీల్చి నూనెలో వేయించిన లేత వంకాయలను, వేరుశనగలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి కలిపిన చింతపండు పులుసులో ఉడికించిన కూర.

పెసరట్టుకు మాత్రం పేరు మారాలి. ‘నేతి పెసరట్టు’ అంటే నేతితో కాల్చినది అనే ఎవరైనా అనుకుంటారు. ‘పెసరట్టు’ అని పేరు పెట్టి, కింద ‘అల్లం, పచ్చిమిర్చి చేర్చి రుబ్బిన పెసల పిండితో నూనె వేసి కాల్చి, దించే ముందు నెయ్యి రాసిన అట్టు’ అని రాస్తే నెయ్యి ఆకర్షణ పోదు, మోసమూ ఉండదు.

నామవాచకంతో ముగిసే ఈ నిర్మాణంలో ఒక ప్రమాదం ఉంది, దానిని తప్పక చూసుకోండి. విశేషణం దేనికి అంటుకుంటుందో తెలియకపోవచ్చు. ‘నేతిలో వేయించిన జీడిపప్పు ఉప్మా’ అంటే నేతిలో వేగినది జీడిపప్పా, ఉప్మాకు వేసిన రవ్వా? జీడిపప్పు ఒక్కటే అయితే ‘నేతిలో వేగిన జీడిపప్పు చల్లిన ఉప్మా’ అనాలి. రాసినది గట్టిగా చదివి, వంట తెలియని ఒకరిని ఏమి అర్థమైందో అడిగితే ఇటువంటివి బయటపడతాయి.

రమాదేవి:
నేను ఇంగ్లాండులోని లెస్టరులో చిన్న కర్రీ పాయింటు నడుపుతున్నాను. మీ చర్చ అంతా మొదటి వరుస గురించే సాగుతోంది, నాకు కష్టమంతా రెండో వరుసతోనే. ఇక్కడ చట్టప్రకారం 14 రకాల పదార్థాలలో ఏవి ఉన్నాయో తినేవారికి చెప్పాలి. వాటిలో ఆవాలు, నువ్వులు, వేరుశనగలు ఉన్నాయి. మన తాలింపులో ఆవాలు లేని కూర ఏది? ప్రతి వంటకం కిందా ఆవాల గుర్తు వేయవలసి వచ్చింది. ఇంకొకటి, కొట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలిపి ఉంటుంది. గోధుమ పడని అతిథి ఒకరు పప్పుచారు గురించి అడిగినప్పుడు డబ్బా వెనక చదివి ఆ సంగతి తెలుసుకున్నాను. అప్పటి నుంచి పప్పుచారు కింద గోధుమ అని కూడా వేస్తున్నాను, చదివినవారు వింతగా చూసినా సరే.

శ్రీలత:
రమాదేవి గారూ, ఇది నాకు తట్టని విషయం. మా వంటగదిలో ఇంగువ డబ్బా చూసి వస్తాను. అయితే రెండో వరుసను అన్ని వంటకాలకూ ఒకే క్రమంలో పెడతాను: ముందు కారం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అన్నది, తరువాత ఎంత ఇస్తారన్నది, చివర పడనివారు చూసుకోవలసిన పదార్థాలు. గుత్తి వంకాయకు ‘కారం మధ్యస్థం, 4 కాయలు, వేరుశనగలు, నువ్వులు, ఆవాలు ఉన్నాయి’ అని వస్తుంది. ‘ఇద్దరికి సరిపోతుంది’ అని రాయమన్నారు కానీ, ఎవరికి ఎంత సరిపోతుందో మనం చెప్పలేము కనుక కాయలు, ముక్కల లెక్కే వేస్తాను.

పులస పులుసు విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాము. గోదావరికి వరద నీరు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేప అది. కాబట్టి ఆ నెలల్లో విడిగా ఒక చీటీ పెట్టి, మిగిలిన కాలంలో సముద్రపు చేపతో చేస్తే ‘ఇలస పులుసు’ అనే రాయడానికి మా తమ్ముడు ఒప్పుకున్నాడు.

మిగిలింది నాటుకోడి. కోళ్లు తెచ్చి ఇచ్చేవారిని అడిగితే, గ్రామప్రియ రకం కోళ్లను పెరట్లో పెంచేవారి దగ్గర కొంటున్నామని చెప్పారు. ‘నాటుకోడి’ అని రాయవచ్చా?

సత్యనారాయణమూర్తి:
గ్రామప్రియ, వనరాజా రకాలను హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించింది. అవి బ్రాయిలర్లు కావు, తరతరాలుగా ఊళ్లో తిరిగిన నాటు జాతీ కావు. తినేవారు ఆ మాటతో ఆశించేది గట్టి మాంసం, పెరటి తిండి, ఎక్కువసేపు ఉడికిన పులుసు కనుక, ‘పెరటి కోడి పులుసు’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

విజయ్:
‘పెరటి కోడి’ అని రాస్తే ఎవరూ ఆర్డరు ఇవ్వరు. సంతలో వాటిని అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ నాటుకోడి అనే అంటున్నారు. వంకాయకు జనం వాడుకను ఒప్పుకొన్న మూర్తి గారు కోడికి ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పాలి.

సత్యనారాయణమూర్తి:
వంకాయ విషయంలో పేరు ఏమైనా తినేవాడు చెల్లించే ధర మారదు. కోడి విషయంలో ఆ పేరుకే ఎక్కువ ధర వేస్తున్నారు. నాకు కనిపించే తేడా అది. అయినా మీ వాదనలో బలం లేదని అనను.

శ్రీలత:
కార్డు అచ్చుకు వెళ్లేది వచ్చే వారం. అప్పటికి ‘నాటుకోడి పులుసు’ అన్న పేరు ఉంచి, కింద ‘పెరట్లో పెంచిన గ్రామప్రియ కోడిని, వేయించి దంచిన ధనియాలు, మిరియాలు, గసగసాలతో ఉడికించిన పులుసు’ అని రాసి మా తమ్ముడికి చూపిస్తాను. ఇది పేరుకూ వివరణకూ మధ్య రాజీ అవుతుందా, వైరుధ్యం అవుతుందా అన్నది మిగిలిన సభ్యులు కూడా చెబితే బాగుంటుంది.