ఈ ఒత్తు పై లైనుదా, కింది లైనుదా? ఇరుకుగా రాసిన పాత లెక్కల పుస్తకం

సుజాత (కావలి)
మా తాతగారు పొగాకు బ్యారన్ నడిపిన రోజుల్లో రాసుకున్న లెక్కల పుస్తకం స్కాన్ చేశాను, 300 డిపిఐలో. ఒక్కో లైనునీ విడి బొమ్మగా కత్తిరించి ఇంట్లో వాళ్లకి తలా కొంత పంచితే టైపు చేసేస్తారని ఆలోచన. కాగితం పొదుపు కోసమేమో చాలా ఇరుకుగా రాశారు. పై లైను ఒత్తులు కింది లైను గుడుల మధ్యలోకి దిగిపోతున్నాయి. ఎక్కడ గీత గీసినా ఏదో ఒకటి తెగుతోంది. ఒక లైను ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తేల్చే పద్ధతి ఏమైనా ఉందా?

మాల్యాద్రి (ఒంగోలు)
లీడింగ్ పెంచండమ్మా. మా డీటీపీలో ఈ బాధ రోజూ ఉండేదే. తెలుగు ఫాంటుకి ఇంగ్లీషు లెక్కన లీడింగ్ ఇస్తే ఒత్తులు కింది లైను మీద పడతాయి. 12 పాయింట్లకి 18 పెట్టి చూడండి, సరిపోతుంది.

సుజాత
మాల్యాద్రి గారూ, ఇది నేను టైపు చేసింది కాదండీ. చేత్తో రాసిన పేజీ, స్కాన్ బొమ్మ. లైన్ల మధ్య దూరం నా చేతిలో లేదు.

ఖాదర్ (నెల్లూరు)
అక్కా, బొమ్మని నలుపు తెలుపు చేసి అడ్డంగా ఒక్కో వరసలో ఎన్ని నల్ల చుక్కలున్నాయో లెక్కపెట్టు. అక్షరాలున్న చోట లెక్క పెరుగుతుంది, మధ్య ఖాళీలో పడిపోతుంది. పడిపోయిన చోట కోసెయ్. నేను కాలేజీ ప్రాజెక్టులో ఇదే చేశా.

సుజాత
చేసి చూశాను తమ్ముడూ. పేజీలో 28 లైన్లుంటే అది 41 చూపిస్తోంది. పైగా లైన్లు కుడివైపుకి కొంచెం ఎక్కుతూ పోతాయి.

రమాదేవి (నెల్లూరు)
ఖాదర్ చెప్పింది మొదటి మెట్టు వరకు సరే. ఆ 41 ఎందుకొచ్చిందంటే, ఒత్తులు ఎక్కువగా ఉన్న చోట ఆ ఒత్తుల వరసే ఒక చిన్న లైనులా కనిపిస్తుంది. సుజాతా, నీ లెక్కలో శిఖరాల మధ్య దూరాలు చూడు. సుమారు 60 పిక్సెళ్లకి ఒకటి రావాల్సింది పోయి 35, 25, 60, 35, 25 అన్నట్టు వస్తుంటే ఆ మధ్యలోవి ఒత్తులే. లెక్కపెట్టే ముందు చిన్న ముక్కలన్నిటినీ పక్కన పెట్టి, అసలు అక్షరాల ఒళ్లు మాత్రమే ఉంచు. లైను ఎక్కుతోంది కాబట్టి పేజీని నిలువుగా ఏడెనిమిది పట్టీలు చేసి, ఒక్కో పట్టీలో విడిగా లెక్కపెట్టి, పక్కపక్క పట్టీల శిఖరాలు కలుపుకుంటూ పో. ఇలా చేస్తే ఎన్ని లైన్లున్నాయి, ఒక్కోటి ఏ దారిన పోతోంది అన్నది తేలుతుంది.

హద్దు మాత్రం ఇంకా తేలదు. నీ పేజీలో అక్షరం ఒళ్లు ఎంత ఎత్తు, ఒత్తు ఎంత దిగుతోంది, గుడి ఎంత లేస్తోంది, కొలిచి చెప్తావా?

సుజాత
ఒళ్లు సుమారు 30 పిక్సెళ్లు, ఒత్తు 25 దిగుతోంది, గుడి 20 లేస్తోంది. లైనుకి లైనుకి 60.

రమాదేవి
అయితే 30, 25, 20 కలిపితే 75. ఉన్న చోటు 60. అంటే ఒత్తులూ గుడులూ 15 పిక్సెళ్ల మేర ఒకే పట్టీలో కలిసి బతుకుతున్నాయి. ఈ పేజీలో తిన్నటి గీత ఎక్కడ గీసినా తప్పే. వంకర గీత కావాలి.

ఖాదర్
అయితే గీత ఎందుకు? ఒక్కో ముక్కనీ తీసుకుని, దాని మధ్య బిందువు ఏ లైను మధ్యకి దగ్గరగా ఉంటే ఆ లైనుకి ఇచ్చేస్తే పోలా?

రమాదేవి
చాలామంది చేసేది అదే, తెలుగుకి దెబ్బ తగిలేదీ అక్కడే. సుజాతా, రెండు లైన్లు పక్కపక్కన ఉన్న ముక్క ఒకటి పెట్టు, దాని మీదే చూద్దాం.

సుజాత
ఐదో లైను: «కట్టెల బండి ధర». ఆరో లైను: «కూలీలకి ఇచ్చింది». బొమ్మ పెట్టాను.

రమాదేవి
మంచి చోటే దొరికింది. ముందు «ధర» చూడండి. ధ కింద ఉన్న చిన్న నిలువు గీత అక్షరానికి అంటుకోలేదు, 7 పిక్సెళ్ల ఖాళీ ఉంది. పై లైను మధ్యని సున్నా అనుకుంటే ఆ గీత 22 నుంచి 40 దాకా ఉంది, దాని మధ్య 31. కింది లైను మధ్య 60లో ఉంది. పైకి 31 దూరం, కిందికి 29. ఖాదర్ లెక్కన అది ఆరో లైనుకి పోతుంది. అప్పుడు పై బొమ్మలో «దర» మిగులుతుంది, కింది బొమ్మలో «ఇచ్చింది» నెత్తిన ఎవరిదో తెలియని గీత ఒకటి నిలబడుతుంది. టైపు చేసేవాళ్లకి పై లైనులో అనుమానమే రాదు, దర అనే కొట్టేస్తారు.

నేను దూరం చూడను. ముక్క దేనికైనా అంటుకుందా, విడిగా ఉందా అన్నది చూస్తాను. మనం రాసేటప్పుడు గుడి, గుడి దీర్ఘం కలం ఎత్తకుండా అక్షరంతో కలిపే లాగుతాం. ఒత్తు మాత్రం కలం ఎత్తి కింద విడిగా పెడతాం. ధ, భ కింది గీత అంతే, ఐత్వం కింది ముక్క కూడా చాలామందికి అంతే. కాబట్టి రెండు లైన్ల మధ్య విడిగా తేలుతున్న ముక్క దాదాపు ఎప్పుడూ పై లైనుదే, అది కింది లైనుకి ఎంత దగ్గరగా ఉన్నా సరే. కింది అక్షరానికి అంటుకుని పైకి లేచింది కింది లైనుది.

పెంచలయ్య మాస్టారు (ఉదయగిరి)
రమాదేవి గారూ, చిన్న మాట. పాతకాలం వాళ్లలో తలకట్టు విడిగా పెట్టేవాళ్లు బాగానే ఉన్నారు. మా నాన్నగారు మాటంతా రాశాక పైన తలకట్లు వరసగా టకటకా పెట్టుకుంటూ పోయేవారు. మీ సూత్రం ప్రకారం ఆయన తలకట్లన్నీ పై లైనుకి ఒత్తులవుతాయి.

రమాదేవి
నిజమే మాస్టారూ. అందుకే ముందు ఆ చేతిని చదవాలి. లైన్ల మధ్య ఖాళీ ఉన్న చోటు, పేజీలో మొదటి లైను అయితే మేలు, దాని పైన విడి ముక్కలు తేలుతున్నాయేమో చూడాలి. మొదటి లైనుకి పైన ఇంకో లైను లేదు కాబట్టి అక్కడ తేలేది తలకట్టే. అలా ఉంటే ఆకారం కూడా చూడాల్సిందే. తలకట్టు పొట్టిగా, పక్కకి పరుచుకుని ఉంటుంది, ఒత్తు అంతకంటే నిలువుగా ఉంటుంది. సుజాత వాళ్ల తాతగారి మొదటి లైను చూశాను, పైన విడి ముక్కలేమీ లేవు. ఈ పుస్తకానికి సూత్రం నిలుస్తుంది.

ఇక వంకర గీత. రెండు లైన్ల మధ్య పట్టీని తీసుకుని, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా సిరాని తప్పించుకుంటూ పోయే చవక దారి కనుక్కోమనాలి. పైథాన్‌లో ఇంతే:

```python
from skimage.graph import route_through_array
ink = band < 128
cost = 1 + 40 * ink
path, total = route_through_array(cost, (y0, 0), (y1, w - 1))
```

ఆ 40 ఎందుకంటే, కలం గీత మందం ఇక్కడ 5 పిక్సెళ్లు. గీతని కోసుకుపోతే అదనంగా 200 ఖర్చు. ఒత్తు చుట్టూ తిరిగి రావడానికి అంతకంటే తక్కువే అవుతుంది కాబట్టి తిరిగి వస్తుంది. అక్కడ 5 పెడితే కోతకి 25 మాత్రమే, దారి ఒత్తుని కోసుకుని తిన్నగా పోతుంది.

ఖాదర్
పెట్టి చూశా అక్కా. సిరా ఎక్కడా తెగలేదు, ఖర్చు కూడా తక్కువే వచ్చింది. కానీ «ధర»లో గీత మళ్లీ కిందికే పోయింది!

రమాదేవి
పోతుంది. ధకీ దాని గీతకీ మధ్య ఉన్న ఆ 7 పిక్సెళ్ల సందు కూడా తెల్లగానే ఉంది కదా. దారికి అదీ ఖాళీయే, పైగా తిన్నగా పోవచ్చు. సిరా తెగలేదు కాబట్టి ఖర్చు చూసి ఇది పట్టుకోలేం.

అందుకే దారి వెతికే ముందు, విడిగా తేలుతున్న ప్రతి ముక్క నుంచీ నేరుగా పైన ఉన్న అక్షరం దాకా ఒక నిలువు గీత వేసెయ్. బొమ్మ మీద కాదు, `cost` లో మాత్రమే. ఆ సందు మూసుకుపోతుంది, దారి ఒత్తు కింద నుంచి చుట్టి వస్తుంది. ఒత్తు కొంచెం కుడికి జరిగి ఉంటే నేరుగా పైన కాక ఎడమ పైన ఉన్న అక్షరానికి కట్టాలి, మన ఒత్తులు కుడికే జరుగుతాయి.

సుజాత
అక్కా, «ధర» వచ్చేసింది. చుట్టుపక్కల లైన్లూ బాగున్నాయి. కానీ «కట్టెల» లో ట ఒత్తు కనిపించడం లేదు, «కటెల» అయిపోయింది. కింద «కూలీ» లో లీ మీద ఏదో ముడి ఉంది.

రమాదేవి
అక్కడ ట ఒత్తు తోక లీ గుడి దీర్ఘానికి అంటుకుంది. రెండూ కలిసి ఒకే ముక్క అయ్యాయి, ఆ ముక్క కింది లైను అక్షరానికి అంటుకుని ఉంది కాబట్టి మొత్తం కిందికి పోయింది. ఎత్తు చూసి పట్టుకుందామన్నా కష్టమే. మామూలు లీ 50 పిక్సెళ్లుంటే ఇది 57. ఇంకో గుర్తు ఉంది. ఈ చేతిలో గుడి ఎప్పుడూ పై అక్షరం అడుగుకి 10 పిక్సెళ్ల దూరంలోనే ఆగిపోతోంది. ఇది 3 పిక్సెళ్ల దాకా వచ్చింది. అలాంటి చోట్లన్నీ గుర్తు పెట్టించుకుని కళ్లతో చూడు, మిషన్‌కి వదలకు.

కోసేటప్పుడు ముందు గుడి దీర్ఘం వంపుని మొదటి నుంచి చివరిదాకా కంటితో పట్టుకో. పక్కన ఇంకో లీ ఉంటే దాన్ని చూసుకో. ఆ వంపు పోగా మిగిలింది ఒత్తు. రెండూ కలిసిన చోట గీత మందం 5 నుంచి 9, 10 అవుతుంది, అక్కడే కోయాలి. ఆ కలిసిన నాలుగు చుక్కల్నీ నేను రెండు బొమ్మల్లోనూ ఉంచుతాను.

ఖాదర్
రెండింట్లో ఉంచడం నాకు నచ్చలేదు అక్కా. రేపు ఈ బొమ్మలతోనే చేతిరాత చదివే మోడల్‌కి శిక్షణ ఇస్తే, లేని సిరాని ఉన్నట్టు నేర్పినట్టే కదా.

రమాదేవి
మనిషి టైపు చేయడానికైతే ఇబ్బంది లేదు. మోడల్ సంగతి నువ్వన్నది ఆలోచించాల్సిందే. నేనైతే ఒత్తు తోక తెగడం కంటే పక్కవాడి చుక్క మిగలడమే నయమంటాను. గుడి కొస తెగితే లీ, లి తేడా పోతుంది.

పెంచలయ్య మాస్టారు
నా దగ్గరున్న ఉత్తరాల్లో ఇంకో చిక్కు. రాసింది మర్చిపోయి రెండు లైన్ల మధ్య చిన్న అక్షరాలతో మాట ఇరికించారు, కింద చిన్న గుర్తు పెట్టి. అవి ఏ లైనువి? గుర్తు కింది లైనులో ఉంది, మాట పైన తేలుతోంది. మీ లెక్కన పై లైను ఒత్తులైపోతాయి.

రమాదేవి
అవి ఒత్తులు కావు మాస్టారూ, పూర్తి అక్షరాలు. చిన్నవైనా వాటికి సొంత గుడులూ ఒత్తులూ ఉంటాయి. వాటిని నేను మూడో లైనుగా విడిగా తీసి, గుర్తు ఉన్న లైను నంబరు పక్కన రాసుకుంటాను.

పెంచలయ్య మాస్టారు
విడిగా తీస్తే చదివేవాడికి వాక్యం విరుగుతుందమ్మా. గుర్తున్న లైనుతోనే ఉంచి, ఆ లైను బొమ్మ కాస్త ఎత్తుగా కోస్తే మంచిదని నా అభిప్రాయం.

సుజాత
మాస్టారూ, మా పుస్తకంలో కూడా అలాంటివి ఉన్నాయి, ఎక్కువగా అంకెలే. కొట్టేసిన మొత్తం మీద కొత్త మొత్తం రాశారు. ప్రస్తుతానికి వాటిని మీరన్నట్టు లైనుతోనే ఉంచుతున్నాను. ముడిపడిన చోట్లు గుర్తు పెట్టిన పేజీ ఒకటి రేపు పెడతాను, ఒత్తులు ఎటు కోయాలో అందరూ ఒకసారి చూడండి.