కార్డు లేకుండా ఏటీఎంలో డబ్బు: కోడ్ మేలా, క్యూఆర్ మేలా?

వెన్నెలదారి:
మా బ్యాంకు యాప్‌లో కార్డు లేకుండా డబ్బు తీసే దారులు రెండున్నాయి. ఒకటి యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్, రెండోది క్యూఆర్. వీటిలో ఏది భద్రం? కోడ్ ఎవరైనా చూసేస్తారేమోనని నాకు టెన్షన్. క్యూఆర్‌ను మనుషులు చదవలేరు కాబట్టి అదే మేలనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చుక్కాని:
క్యూఆరే. సందేహం అక్కర్లేదు. అంకెలైతే వెనక నిలబడ్డవాడు ఒక్క చూపులో గుర్తుపెట్టుకుంటాడు. క్యూఆర్‌లో ఉన్నది యంత్రానికి తప్ప ఎవరికీ అర్థం కాదు.

నదిఒడ్డు:
నేనైతే ఫోన్‌ను మెషీన్‌కు ఆనించి తీస్తాను. కోడూ లేదు, క్యూఆరూ లేదు. ఏ ఇబ్బందీ రాలేదు.

గల్లాపెట్టె:
నదిఒడ్డు గారూ, మీరు చేసేది వేరే పద్ధతి. అక్కడ మీ కార్డే ఫోన్‌లో ఉంటుంది. మెషీన్ దాన్ని మామూలు కార్డులాగే చదివి, మామూలు కార్డు పిన్నే అడుగుతుంది. వెన్నెలదారి గారు అడిగింది అది కాదు.

నేను చాలా ఏళ్లుగా ఏటీఎం లావాదేవీల లెక్కలు సరిచూసే పనిలో ఉన్నాను. కోడా, క్యూఆరా అని అడిగే ముందు, ఆ క్యూఆర్ ఎవరి తెర మీద కనిపిస్తోందో చూడాలి. మీ ఫోన్ మీదా, మెషీన్ మీదా?

మీ ఫోన్‌లో కనిపించే క్యూఆర్‌ను మెషీన్‌లోని స్కానర్‌కు చూపిస్తుంటే, అది కోడ్‌కు బొమ్మ రూపం మాత్రమే. కళ్లతో చదవలేం, నిజమే. కానీ ఫోటో తీయొచ్చు. కోడైనా, ఈ రకం క్యూఆరైనా మీ అనుమతి ముందే అయిపోతుంది. యాప్‌లో పిన్ కొట్టి మొత్తం చెప్పగానే బ్యాంకు సర్వర్‌లో ఒక ఆర్డర్ తయారవుతుంది: ఈ ఖాతా నుంచి, ఇంత మొత్తం, ఇంత సమయంలోపు. చాలా బ్యాంకులు ఆ మొత్తాన్ని అప్పుడే ఖాతాలో ఆపి పెడతాయి, గడువు దాటితే వదిలేస్తాయి. ఏ మెషీన్ దగ్గర, ఎవరి చేతికి అన్నది మాత్రం ఆ ఆర్డర్‌లో ఉండదు. కోడ్ ఎవరు ముందు చూపిస్తే వాళ్లకే డబ్బు.

క్యూఆర్ మెషీన్ తెర మీద వస్తే అంతా తిరగబడుతుంది. మీరు మెషీన్ దగ్గరే మొత్తం ఎంచుకుంటారు. మెషీన్ ఆ ఒక్క లావాదేవీకే ఒక క్యూఆర్ తయారుచేస్తుంది. తాను ఏ మెషీనో, ఆ లావాదేవీ ఏదో చెప్పే వివరాలు అందులో ఉంటాయి. మీరు యాప్‌తో స్కాన్ చేసి, పిన్ మీ ఫోన్‌లోనే కొడతారు. బ్యాంకు ఒప్పుకుంటే ఆ జవాబు ఆ ఒక్క మెషీన్‌కే వెళ్తుంది. ముందుగా పుట్టి, మీ దగ్గర నిల్వ ఉండే కోడ్ అంటూ ఏదీ ఉండదు కాబట్టి, కొట్టేయడానికీ ఏమీ దొరకదు.

పాలపిట్ట:
అంత గట్టిదేం కాదండీ. ఒకడు మెషీన్ ముందు నిలబడి, ఆ తెర మీది క్యూఆర్‌ను ఫోటో తీసి నాకు పంపి, "ఇది స్కాన్ చేయండి, మీకు రావాల్సిన డబ్బు పడుతుంది" అన్నాడనుకోండి. నేను నమ్మి స్కాన్ చేసి పిన్ కొడితే నోట్లు వాడి ముందే బయటికొస్తాయి కదా?

గల్లాపెట్టె:
వస్తాయి. ఈ పద్ధతికి ఉన్న అసలు లోపం అదే. అందుకే ఆ క్యూఆర్‌కు ఆయుష్షు చాలా తక్కువ పెడతారు, నిమిషం అటూ ఇటూ. ఆ కాస్త సమయంలో ఫోటో పంపి, ఫోన్ చేసి, అవతలివాళ్లను ఒప్పించి పిన్ కొట్టించడం కష్టం. అసాధ్యమని మాత్రం అనను. ముందే మాటల్లో పెట్టి సిద్ధంగా ఉంచితే జరుగుతుంది. కొన్ని యాప్‌లు గ్యాలరీలోని ఫోటో నుంచి స్కాన్ చేయనివ్వవు, కొన్ని ఫోన్ ఎక్కడుందో కూడా సరిచూస్తాయి. ఇవేవీ లేకపోయినా పిన్ అడిగే ముందు మొత్తం చూపిస్తాయి, మంచి యాప్ అయితే మెషీన్ ఉన్న చోటు కూడా చూపిస్తుంది. ఆ వివరాలు చదవకుండా పిన్ కొట్టకూడదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

ఇంకొకటి. మెషీన్ పక్కన అంటించిన స్టిక్కర్ మీది క్యూఆర్‌ను డబ్బు తీయడానికి స్కాన్ చేయకండి. నేను చెప్పిన పద్ధతిలో క్యూఆర్ తెర మీదే వస్తుంది, మీరు మొత్తం ఎంచుకున్నాకే వస్తుంది, ప్రతిసారీ మారుతుంది.

ఎర్రమట్టి:
నా అనుభవం వినండి. మెషీన్ తెర మీది క్యూఆర్ స్కాన్ చేశాను, పిన్ కొట్టాను. ఫోన్‌లో చక్రం చాలాసేపు తిరిగి తిరిగి "విజయవంతం" అని వచ్చింది. మెషీన్ మాత్రం అప్పటికే మొదటి తెరకు వెళ్లిపోయింది. ఒక్క నోటూ రాలేదు. ఖాతాలో డబ్బు తగ్గింది. ఫిర్యాదు చేసి, తిరిగి తిరిగి తెచ్చుకున్నాను. అప్పట్నుంచి క్యూఆర్ జోలికి పోను.

గల్లాపెట్టె:
మీకు జరిగింది ఈ పద్ధతిలో ఎక్కువగా కనిపించే తేడాయే. కార్డు పెట్టినప్పుడు మాట ఒకే దారిలో నడుస్తుంది, మెషీన్ నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి మెషీన్‌కు. ఇక్కడ మధ్యలో మీ ఫోన్ నెట్ కూడా చేరింది. మెషీన్ క్యూఆర్ చూపించి ఒక గడువు వరకే ఎదురుచూస్తుంది. మీ నెట్ నెమ్మదిగా ఉండి, మీ అనుమతి ఆ గడువు చివర్లో బ్యాంకుకు చేరిందనుకోండి. బ్యాంకు ఖాతాలో తగ్గించి "ఇచ్చెయ్" అని మెషీన్‌కు పంపేలోగా మెషీన్ ఆ లావాదేవీని మూసేసి ఉంటుంది. యాప్‌లో కనిపించిన "విజయవంతం" మీ అనుమతి, ఖాతాలో కోత జరిగాయన్న మాట మాత్రమే. నోట్లు బయటికొచ్చాయని కాదు.

అలాంటప్పుడు వ్యవస్థే రద్దు సందేశం పంపి డబ్బు వెనక్కి వేయాలి, చాలాసార్లు వేస్తుంది కూడా. ఆ సందేశం దారిలో పోతే లెక్కలు సరిచూసేవాళ్ల దాకా వస్తుంది. అక్కడ మేం చూసేది రెండు విషయాలు: ఆ నిమిషంలో నోట్లు బయటికి తోసినట్టు మెషీన్ తన జర్నల్‌లో రాసుకుందా, నోట్లు నింపే క్యాసెట్లలో డబ్బు లెక్కకంటే మిగిలిందా. కాబట్టి మెషీన్ నంబరు, సమయం, యాప్‌లోని లావాదేవీ నంబరు రాసి పెట్టుకుంటే ఫిర్యాదు తేలికగా తేలుతుంది. వెంటనే ఇంకోసారి స్కాన్ చేయొద్దు, ఒకేచోట ఒకే మొత్తంతో రెండు లావాదేవీలు కనిపిస్తే విడదీయడానికి టైం పడుతుంది. లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వినిపిస్తే మొదటి తెర వచ్చేదాకా అక్కణ్నుంచి కదలొద్దు.

ఈ ఒక్క విషయంలో కోడ్‌కే నా ఓటు. నెట్ బాగున్నచోట కోడ్ తీసుకుంటే, మెషీన్ దగ్గర ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా పని జరుగుతుంది.

చుక్కాని:
సరే, కోడ్‌నే తీసుకుందాం. ఎవరికీ చూపించకపోతే చాలు కదా? ఆరంకెలంటే పది లక్షల కోడ్‌లు. ఊహించి కొట్టడం ఎవరి తరమూ కాదు.

గల్లాపెట్టె:
మీ ఒక్కరి కోడ్‌ను ఊహించాలంటే పది లక్షల్లో ఒక వంతు, సరే. కానీ దొంగకు మీ కోడే కావాలని ఏముంది? ఆ క్షణంలో ఆ బ్యాంకులో 2,000 కోడ్‌లు బతికున్నాయనుకోండి. వాటిలో ఏది తగిలినా వాడికి డబ్బే. పది లక్షల్లో 2,000 అంటే ప్రతి 500 ప్రయత్నాలకు ఒకటి తగిలే అవకాశం. పైగా తప్పు కోడ్ కొడితే అది ఏ ఖాతాకూ చెందదు కాబట్టి, "మూడుసార్లు తప్పితే ఖాతా లాక్" అనే రూల్ ఎవరి మీద పెడతారు?

అందుకే జాగ్రత్తగా చేసిన వ్యవస్థలో మెషీన్ కోడ్ ఒక్కటే అడగదు. ముందు మొబైల్ నంబరో, కోడ్ తీసుకునేటప్పుడు మీరే పెట్టుకున్న ఇంకో పిన్నో, మొత్తమో అడుగుతుంది. మొబైల్ నంబరు అడిగితే తప్పు ప్రయత్నాలు ఆ నంబరు ఖాతాలో పడతాయి, కొన్నిసార్లు తప్పగానే ఆ ఆర్డర్ రద్దవుతుంది. పిన్ అడిగితే, వెనకనుంచి మీ ఫోన్ తెర చూసినవాడికి కోడ్ దొరికినా పిన్ దొరకదు.

పాలపిట్ట:
మీరంతా సొంతంగా తీసుకోవడం గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు. నేను వేరే ఊళ్లో ఉండి కోడ్ చెబితే ఆవిడే మెషీన్ దగ్గరికెళ్లి తీసుకుంటుంది. మెషీన్ తెర మీది క్యూఆర్‌తో అది ఎలా కుదురుతుంది? కోడ్ ఎవరు చూపిస్తే వాళ్లకే డబ్బు రావడం మీకు లోపం, మాకు అదే ఉపయోగం.

గల్లాపెట్టె:
కాదనను. మీ బ్యాంకు ఒప్పుకుంటే ఆ పనికి కోడే కావాలి. అయితే కోడ్‌నూ పిన్‌నూ ఒకే మెసేజ్‌లో పంపకండి. కోడ్ మెసేజ్‌లో, పిన్ ఫోన్‌లో నోటితో చెప్పండి.

చుక్కాని:
కోడ్‌లు, క్యూఆర్‌లు కొట్టేశారని వార్తల్లో పెద్దగా కనబడదేం మరి?

గల్లాపెట్టె:
వాటికంటే తేలికైన దారి ఉంది కాబట్టి. 2018లో అమెరికాలోని ఒహైయోలో ఒక కేసు బయటపడింది. "మీ ఖాతా లాక్ అయింది" అంటూ మెసేజ్‌లు పంపి, బ్యాంకు సైటును పోలిన నకిలీ పేజీలో జనంచేత లాగిన్ వివరాలు రాయించుకున్నారు. తర్వాత ఆ ఖాతాలకు తమ ఫోన్లు జోడించి, కార్డు లేకుండానే ఏటీఎంల నుంచి డబ్బు లాగేశారు. అక్కడ ఎవరి కోడూ పోలేదు. కోడ్ పుట్టించే హక్కే వాళ్ల చేతికి పోయింది. "కొత్త ఫోన్ జోడించారు" అనే మెసేజ్ మీరు చేయకుండా వస్తే, వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయాల్సింది అప్పుడే. కొత్తగా జోడించిన ఫోన్ నుంచి కొంతకాలం నగదు తీయనివ్వకుండా ఆపే బ్యాంకులంటే నాకు గౌరవం.

వెన్నెలదారి:
ఇప్పుడే యాప్ తెరిచి చూశాను. మాది ఫోన్‌లో కనిపించే క్యూఆరే. మెషీన్‌కు చూపిస్తే చాలు, ఇంకేమీ అడగదట. కోడ్ వాడితే మాత్రం మొబైల్ నంబరు, నేను పెట్టుకున్న నాలుగంకెల పిన్ అడుగుతుందని రాసుంది.

గల్లాపెట్టె:
అయితే మీ బ్యాంకు వరకు నేను కోడ్ వైపే. ఆ క్యూఆర్ ఫోటో ఒక్కటి చాలు, కోడ్ అయితే మూడూ దొరకాలి.

చుక్కాని:
ఒప్పుకోను. క్యూఆర్‌లో ఆరంకెలు కాదు, పొడవాటి సంఖ్య పెట్టొచ్చు. మీరు చెప్పిన 500లో ఒకటి లెక్క దానికి వర్తించదు. కొన్ని యాప్‌లు దాన్ని కాసేపటికోసారి మారుస్తాయి, స్క్రీన్‌షాట్ కూడా తీయనివ్వవు.

గల్లాపెట్టె:
ఊహించడం గురించి మీరన్నది పూర్తిగా నిజం. స్క్రీన్‌షాట్ ఆపినా పక్కవాడి ఫోన్ కెమెరాను ఆపలేరన్నది నా అభ్యంతరం. మాటిమాటికీ మారే క్యూఆర్ అయితే నా వాదన బాగా బలహీనపడుతుంది. వెన్నెలదారి గారూ, మీది మారుతోందా? తెరిచి ఒకట్రెండు నిమిషాలు అలాగే ఉంచి చూడండి.

వెన్నెలదారి:
చూశాను. మారడం లేదు. కింద "30 నిమిషాల్లో ముగుస్తుంది" అని ఉంది. రద్దు చేసే బటన్ ఉంది, నొక్కేశాను. ఆపిన మొత్తం వెంటనే ఖాతాలో కనిపించింది.

ఎర్రమట్టి:
30 నిమిషాలు ఎక్కువేమో గానీ, పది నిమిషాలు పెడితే క్యూలో నిలబడ్డవాళ్ల గతేంటి?

పాలపిట్ట:
మా అమ్మకైతే 30 నిమిషాలు కూడా చాలవు.