గాజు దిమ్మె ప్రయోగంలో చిన్న కోణాలకి నిష్పత్తి ఎందుకు మారుతోంది?

అందరికీ నమస్తే, మాది కావలి దగ్గర, పిల్లలతో గుండుసూదుల ప్రయోగం చేయిస్తున్నాను. పతన కోణం 45° పెడితే వక్రీభవన కోణం 28° వచ్చింది, వాటి సైన్ విలువలు 0.707ని 0.469తో భాగిస్తే నిష్పత్తి 1.51, 60°కి 35° వచ్చింది, అదీ 1.51, బాగుంది. కానీ 10° దగ్గర ఒకరికి 6°, ఇంకొకరికి 7° వస్తోంది, అంటే నిష్పత్తి ఒకసారి 1.66, ఒకసారి 1.42! నిజానికి 6.6° రావాలి, కోణమాపకంలో అర డిగ్రీ తేడా చిన్న కోణానికే ఎక్కువ దెబ్బ కొడుతుందని నా అనుమానం.

పతన బిందువు కేంద్రంగా 10 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, రెండు కిరణాలూ (లోపలి కిరణాన్ని పొడిగించి) వృత్తాన్ని తాకిన చోట నుంచి లంబానికి దూరాలు స్కేలుతో కొలిచి భాగిస్తే ఈ తేడా తగ్గుతుందా? చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.