బీ450 బోర్డులో గ్రాఫిక్స్ కార్డు కింది స్లాట్‌లో ఉంటే నిజంగా నష్టమా?

సుబేదారి

హన్మకొండలో ఒక షాపులో పీసీ కట్టించుకున్నాను. బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 5 3600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. కార్డు పై స్లాట్‌లో కాకుండా కింది పొడుగు స్లాట్‌లో పెట్టారు. అడిగితే "రెండూ ఒకే పొడుగు, ఎందులో పెట్టినా ఒకటే, కింద అయితే గాలి బాగా ఆడుతుంది" అన్నారు. GPU-Z లో `PCIe x16 4.0 @ x4 1.1` అని చూపిస్తోంది. ఇది నష్టమేనా? మార్చాలా? సైడ్ ప్యానెల్ స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ ఉంది, అదొక టెన్షన్.

హంటర్‌రోడ్ గేమర్

1.1 చూసి భయపడకు తమ్ముడూ. పని లేనప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుంటుంది, గేమ్ పెట్టగానే మళ్లీ పెరుగుతుంది. లేన్ల సంగతికొస్తే, x16 కి, x8 కి ఒకటి రెండు శాతం కంటే తేడా రాదని ఎన్నో టెస్టుల్లో చూశాం. 3060 లాంటి మధ్యరకం కార్డుకు ఇంకా తక్కువ. స్టిక్కర్ చింపి వారంటీ గొడవ తెచ్చుకోకు, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచు.

కాజీపేట జంక్షన్

1.1 గురించి చెప్పింది సరైనదే. మిగతాది ఈ బోర్డుకు వర్తించదు.

ఆ లైన్లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. @ గుర్తుకు ముందున్నది కార్డుకున్న సత్తా, తర్వాతది ఇప్పుడు నిజంగా నడుస్తున్నది. తర్వాతి భాగంలో 1.1 అనేది వేగం. అది పనిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. x4 అనేది వెడల్పు, అంటే ఎన్ని లేన్లు నడుస్తున్నాయన్నది. డెస్క్‌టాప్‌లో అది సాధారణంగా మారదు. ఖాళీగా ఉన్నప్పుడు x4 అని చూపిస్తే గేమ్‌లో కూడా x4 ఉంటుంది. అందుకే అందరూ 1.1 చూసి కంగారు పడతారు కానీ, చూడాల్సింది దాని పక్కనున్న x4 ని.

ఇక x16, x8 పోలిక. ఆ టెస్టులు పై స్లాట్‌లో, ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే లేన్ల మీద చేసినవి. బీ450 బోర్డుల్లో సాధారణంగా కింది పొడుగు స్లాట్ ప్రాసెసర్‌కు తగిలి ఉండదు, చిప్‌సెట్‌కు ఉంటుంది. ఆ చిప్‌సెట్ ఇచ్చేవి 2.0 లేన్లు, ఆ స్లాట్‌కు నాలుగే. లెక్క చూడండి: 3.0 లో పదహారు లేన్లంటే సెకనుకు దాదాపు 16 జీబీ, 2.0 లో నాలుగు లేన్లంటే 2 జీబీ. ఎనిమిదో వంతు. పైగా ఆ దారి చిప్‌సెట్ మీదుగా తిరిగి వెళ్లాలి, అక్కడ సాటా డ్రైవులు, నెట్‌వర్క్, కొన్ని యూఎస్‌బీలు కూడా అదే లింకు మీద పోతుంటాయి. స్లాట్ పొడుగు ప్లాస్టిక్ పొడుగు మాత్రమే.

సుబేదారి తమ్ముడూ, ఒక చిన్న పని చెయ్యి. GPU-Z లో Bus Interface పక్కన ఉన్న `?` నొక్కి రెండర్ టెస్ట్ మొదలుపెట్టు, అదే లైన్ చూడు. `x4 2.0` దగ్గర ఆగితే అనుమానం అక్కర్లేదు.

జమ్మికుంట వీడియోస్

నాదీ ఇదే సమస్య అన్నా. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కార్డు పై స్లాట్‌లోనే ఉంది, అయినా x8 అని చూపిస్తోంది. తీసి పెట్టాను, తుడిచాను, బయాస్ అప్‌డేట్ చేశాను. మార్పు లేదు. మరి పై స్లాట్ కూడా మోసమే కదా? ప్రాసెసర్ రైజెన్ 5 3400జీ.

కాజీపేట జంక్షన్

మీ స్లాట్‌లో లోపం లేదు. 3400జీ, 3200జీ, 2400జీ లాంటి లోపల గ్రాఫిక్స్ ఉన్న పాత ప్రాసెసర్లు కార్డుకు ఎనిమిది లేన్లే ఇస్తాయి. ఆ ప్రాసెసర్‌తో x8 3.0 అంటే మీకు పూర్తిగా వస్తున్నట్టే. హంటర్‌రోడ్ తమ్ముడు చెప్పిన ఒకటి రెండు శాతం మాట మీకు అచ్చంగా సరిపోతుంది. ఇంకేం తుడవకండి. సుబేదారి దగ్గరున్న 3600 అలాంటిది కాదు, అది పదహారూ ఇస్తుంది.

ఎన్ఐటీ హాస్టల్

గేమ్ ఆడుతూ చూడాలంటే GPU-Z కంటే ఇది సులువు. ఎన్విడియా డ్రైవర్‌తో పాటే వస్తుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. కమాండ్ విండోలో కొట్టి వదిలేసి గేమ్ పెట్టండి, సెకనుకోసారి రాస్తూ పోతుంది.

```
nvidia-smi --query-gpu=pcie.link.gen.current,pcie.link.width.current --format=csv -l 1
```

మొదటి అంకె వేగం తరం, రెండోది లేన్లు. గేమ్ నడుస్తుండగా `2, 4` వస్తే కాజీపేట అన్న చెప్పినట్టే కింది స్లాట్. `3, 16` వస్తే బీ450 మీద అంతకంటే అడగడానికి లేదు. కార్డు మీద 4.0 అని రాసి ఉన్నా బోర్డు 3.0 ది.

హంటర్‌రోడ్ గేమర్

సరే, ఎనిమిదో వంతు అన్న లెక్క ఒప్పుకుంటాను. కానీ లెక్క వేరు, ఆట వేరు. నేను ఆడేది ఆన్‌లైన్ షూటింగ్ గేమ్, సెట్టింగులన్నీ లో. చిన్న మ్యాపు, ఒకసారి లోడయితే అయిపోయింది. కార్డులో 12 జీబీ మెమరీ ఉండగా ఆ దారి మీద ఏం పోతుంది? తమ్ముడికి ఎఫ్‌పీఎస్ తగ్గిందా? ఆ సంగతి ఎవరూ అడగలేదు.

సుబేదారి

కమాండ్ వేసి చూశాను. గేమ్‌లో `2, 4` దగ్గరే ఉంది.

ఎఫ్‌పీఎస్ అంకె బాగానే ఉంటుంది అన్నా. కానీ ఓపెన్ వరల్డ్ గేమ్‌లో బండి మీద స్పీడుగా వీధులు దాటుతుంటే కొద్దికొద్దిసేపటికి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది. గోడల మీద బొమ్మలు ముందు మసకగా వచ్చి తర్వాత తేటపడతాయి. ఎస్ఎస్‌డీ పాడైందేమో అనుకున్నాను.

కాజీపేట జంక్షన్

ఇలాంటి చోటే తేడా బయటపడుతుంది. వీధి మారినప్పుడల్లా కొత్త టెక్స్చర్లు ర్యామ్ నుంచి కార్డు మెమరీకి ఆ సన్నటి దారి గుండానే రావాలి. అవి ఆలస్యమైతే ఆ ఒక్క ఫ్రేమ్ ఆగుతుంది. సగటు ఎఫ్‌పీఎస్‌లో అది దాదాపు కనిపించదు, అందుకే సగటు చూసి "తేడా లేదు" అనేస్తాం. ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకుంటే ముల్లులా పైకి లేస్తుంది. హంటర్‌రోడ్ తమ్ముడు ఆడే గేమ్‌లో తేడా తెలియకపోవచ్చు, అది నిజమే. అదే 8 జీబీ కార్డయి, మెమరీ నిండిపోయి, మిగిలింది ర్యామ్‌లోకి పొర్లితే మాత్రం లో సెట్టింగుల్లో తప్ప తట్టుకోలేరు.

మార్చే ముందు ఒక పని. మాన్యువల్‌లో స్లాట్ల పేజీ చూడు. సాధారణంగా పై స్లాట్ దగ్గర x16 అని, కింది దాని దగ్గర "x4 mode" అని రాసి ఉంటుంది. కింది స్లాట్ ఖాళీ అయ్యాక ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూస్తే బంగారు రంగు పిన్నులు క్యాబినెట్ వెనక వైపు కొద్ది దూరమే ఉండి, మిగతాది వట్టి ప్లాస్టిక్‌గా కనిపించొచ్చు. కొన్ని బోర్డుల్లో పిన్నులు చివరిదాకా పెట్టి, వైరింగ్ మాత్రం నాలుగింటికే ఇస్తారు. కాబట్టి పిన్నులు నిండుగా ఉన్నాయని మోసపోకు, మాన్యువల్ మాటే ఆఖరు.

స్టిక్కర్ విషయం: నువ్వు చింపొద్దు. ఈ రీడింగు ఫొటో తీసుకుని, మాన్యువల్ పేజీతో షాపుకు వెళ్లి, వాళ్ల చేతే మార్పించు.

జగిత్యాల అక్క

స్టిక్కర్‌కు అంత భయమెందుకు? నేనైతే ఒక్క రోజు కూడా ఆగను. డబ్బులు పెట్టింది మనం, మన పెట్టె మనం తెరుచుకుంటే తప్పేంటి?

కాజీపేట జంక్షన్

తప్పని అనను అక్కా. రేపు కార్డే పోతే షాపతను స్టిక్కర్ చూపించి చేతులు దులుపుకుంటాడని నా భయం. బిల్లు వెనక ఏం రాసుందో చూసి తేల్చుకోవాల్సిన విషయం.

సుబేదారి

షాపుకు తీసుకెళ్లాను. మొదట ఒప్పుకోలేదు, మాన్యువల్ చూపించాక పై స్లాట్‌కు మార్చారు. ఇంటికొచ్చి కమాండ్ వేస్తే గేమ్‌లో `3, 8` వస్తోంది. సగం సంతోషం. ఇది 3600 కదా, పదహారు రావాలన్నారు కదా?

కాజీపేట జంక్షన్

రావాలి. ప్రాసెసర్, బోర్డు రెండూ పదహారు ఇచ్చేవే అయినప్పుడు ఎనిమిది దగ్గర ఆగిందంటే చాలాసార్లు స్లాట్‌లో కార్డు కూర్చున్న తీరే కారణం. కొన్ని పిన్నులు సరిగ్గా తగలకపోయినా కంప్యూటర్ ఎర్రర్ ఇవ్వదు, ఎన్ని లేన్లు పనిచేస్తే అన్నిటితో సర్దుకుని బూట్ అవుతుంది.

కార్డు వెనక బ్రాకెట్ స్క్రూ ముందే బిగించి ఉంటే రెండో చివర పైకి లేస్తుంది. నీ కార్డు పక్క నుంచి చూడు, స్లాట్ గీతకు సమాంతరంగా ఉందా, క్లిప్పు పూర్తిగా మూసుకుందా? మన దగ్గర పత్తి సీజన్లో గాలిలో పోగులు కూడా ఎగురుతుంటాయి. ఏనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చే సిస్టంలలో స్లాట్ గాడిలోనే దూది కనిపించింది నాకు.

పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టు. క్లిప్పు వదిలించి కార్డు తియ్యి. బంగారు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వు, స్లాట్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టు. కార్డు పెట్టేటప్పుడు రెండు చివరలా ఒకేసారి అదిమి, క్లిప్పు టక్కుమన్నాకే స్క్రూ బిగించు.

సుబేదారి

ఈసారి స్టిక్కర్ లేదు, మార్చేటప్పుడు వాళ్లే తీసేశారు. స్క్రూ వదులు చేసి చూస్తే క్లిప్పు వైపు అంచు నిజంగానే కాస్త పైకుంది, గాడిలో సన్నటి పోగు కూడా దొరికింది. తుడిచి పెట్టాను. ఇప్పుడు `3, 16`. GPU-Z లో లోడ్ మీద `PCIe x16 4.0 @ x16 3.0`.

బండి మీద వెళ్లేటప్పుడు ఆగడం చాలావరకు పోయింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఇంకో గేమ్‌లో ఏ తేడా తెలియలేదు. కార్డు వేడి కొంచెం తగ్గింది. ఇంతకుముందు కింద పవర్ సప్లై కవర్‌కు ఆనుకుని ఉండేది. ప్రాసెసర్ వేడి మాత్రం కొంచెం పెరిగింది.

కాజీపేట జంక్షన్

మిగిలిన ఆ కాస్త ఆగడం గేమ్‌ది కావచ్చు, ర్యామ్‌ది కావచ్చు. స్లాట్‌ది మాత్రం కాదు. ర్యామ్ ఒకటే స్టిక్ అయితే చెప్పు, వేరే దారిలో వెతుకుదాం.

హంటర్‌రోడ్ గేమర్

లేన్ల విషయంలో నేను పట్టు వదిలేశాను. కానీ ప్రాసెసర్ వేడి పెరిగిందన్నావు కదా, గాలి గురించి షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదన్నట్టే. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం, కూలర్ లేని గదిలో రెండు వేడిలూ కొలిచి ఇక్కడ పెట్టు తమ్ముడూ. అప్పటిదాకా ఆ ఒక్కటీ తేలనట్టే.